‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు చదివే తెలుగు

మొబైల్ యాప్ తొలిసారి తెరవగానే ఎదురయ్యే ప్రైవసీ పాలసీ, సేవా నిబంధనలు పైకి ఒకేలా కనిపించినా వాటి పని వేరు. వాడేవారి వివరాల్లో కంపెనీ ఏవి తీసుకుంటుంది, వాటితో ఏం చేస్తుంది, ఎవరికి ఇస్తుంది, ఎంతకాలం దగ్గర ఉంచుకుంటుంది అనేది ప్రైవసీ పాలసీ చెబుతుంది. సేవా నిబంధనలు కంపెనీకీ వాడేవారికీ మధ్య కుదిరే ఒప్పందం. డబ్బు ఎప్పుడు వాపసు ఇస్తారు, ఖాతా ఎప్పుడు మూసేస్తారు, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. ఒకటి సమాచారం చెప్పే పత్రం, మరొకటి ఇద్దరినీ కట్టిపడేసే పత్రం. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ తేడా మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా మనసులో ఉండాలి.

ఇవి తెలుగులో ఉండటం ఇప్పుడు కంపెనీల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కాదు. ఐటీ నియమాలకు 2022 అక్టోబర్‌లో చేసిన సవరణ ప్రకారం సోషల్ మీడియా వంటి మధ్యవర్తి సంస్థలు తమ ప్రైవసీ పాలసీని, యూజర్ ఒప్పందాన్ని ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లోనో, వాడేవారు కోరుకున్న భాషలో చదువుకునేలా ప్రచురించాలి. ఆ తర్వాత వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. సమ్మతి మీద డేటా తీసుకునే చోట ముందు నోటీసు ఇవ్వాలి, సమ్మతి అడగాలి. ఆ రెండింటినీ ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. భాష స్పష్టంగా, సరళంగా ఉండాలని చట్టమే అంటోంది. 2025 నవంబర్‌లో వెలువడిన నియమాలు ఏ వివరాలు తీసుకుంటున్నారో విడివిడిగా రాయాలని, నోటీసు మరే పత్రం తోడూ లేకుండా తనంతట తానే అర్థమవ్వాలని చెప్పాయి. నోటీసు, సమ్మతికి సంబంధించిన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చాయి.

ఈ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒక వ్యక్తి ఫోనులోనే డాక్టరుకు చూపించుకునే యాప్ ఒకటి దించుకుంటాడు. ఆ యాప్ వైద్య సేవ కోసం అతని డేటా వాడుకోవడానికీ, ఫోనులోని కాంటాక్టుల జాబితా చూడటానికీ కలిపి సమ్మతి అడుగుతుంది. అతను రెండింటికీ సరేనంటాడు. అయినా వైద్యానికి కాంటాక్టుల జాబితా అక్కర్లేదు కాబట్టి అతని సమ్మతి వైద్య సేవకు అవసరమైన డేటాకే పరిమితమని చట్టం చెబుతుంది. అలాంటి వైద్య యాప్ ఒకదాని పత్రాలను తెలుగులోకి తెస్తున్నామనుకుంటే ఈ పనిలో ఉన్న చిక్కులన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మొదటి చిక్కు ‘ఒప్పుకోవడం’ దగ్గరే వస్తుంది. యాప్ వాడేవారు మూడు వేర్వేరు పనులకు ఒప్పుకుంటారు. కెమెరా, మైకు, లొకేషన్ వాడుకోవచ్చని ఫోను అడిగినప్పుడు ఇచ్చేది ఒకటి. తన డేటాను ఫలానా పనికి వాడుకోవచ్చని కంపెనీకి చెప్పేది ఇంకొకటి. సేవా నిబంధనలకు కట్టుబడతానని ఒప్పందం చేసుకునేది మూడోది. మూడింటికీ ‘అనుమతి’ అనో ‘అంగీకారం’ అనో ఒకే మాట వాడేస్తే చదివేవారికి పెద్ద నష్టం జరుగుతుంది. డేటాకు ఇచ్చిన ఒప్పుదలను ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఇచ్చినప్పుడు ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని కూడా చెప్పింది. ఒప్పందం అలా కాదు, అది ఖాతా మూసే దాకా నడుస్తుంది. ఫోను ఇచ్చిన అనుమతిని సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయవచ్చు గానీ, అలా ఆపినంత మాత్రాన అప్పటికే కంపెనీ దగ్గరకు చేరిన డేటా చెరిగిపోదు. అందుకని ఫోను అడిగేదానికి ‘అనుమతి’, డేటాకు ‘సమ్మతి’, నిబంధనలకు ‘అంగీకారం’ అని మూడు మాటలను మొదట్లోనే ఖాయం చేసుకుని, పత్రం పొడవునా, యాప్ బటన్ల మీద కూడా అవే వాడాలి. ఏ మాట ఎంచుకున్నారన్నది అంత ముఖ్యం కాదు. ఒకటి ఇంకొకదాని చోట దూరకపోవడమే ముఖ్యం.

ఇక్కడ తెలుగు బాగా రాయగలవారికి ఒక అలవాటు అడ్డు వస్తుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగుండదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. కాబట్టి ఒక పేరాలో ‘సమాచారం’, తర్వాతి పేరాలో ‘వివరాలు’, ఆ పైన ‘డేటా’ అని రాసేస్తాం. వ్యాసంలో అది అందం, ఒప్పందంలో అది ప్రమాదం. మాట మారితే విషయం మారిందనుకునే హక్కు చదివేవారికి ఉంటుంది. ఇంగ్లీషు పత్రాల్లో నిర్వచించిన మాటలను పెద్దక్షరంతో మొదలుపెట్టి గుర్తు పట్టేలా చేస్తారు. తెలుగు లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. అందువల్ల నిర్వచనం చెప్పే చోట ఆ మాటను బొద్దు అక్షరాల్లో పెట్టి, ఆ తర్వాత అక్షరం మార్చకుండా అదే మాట వాడటం తప్ప దారి లేదు. అనువాదం మొదలుపెట్టక ముందే ఇరవై ముప్ఫై మాటలతో ఒక పదాల పట్టిక తయారు చేసుకుని, కంపెనీ న్యాయవాదితో సరిచూపించుకుంటే తర్వాత గంటల కొద్దీ పని మిగులుతుంది.

అసలు కష్టం వాక్యంలో ఉంది. వైద్య యాప్‌లలో తరచూ కనిపించే ఒక ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించితే ఇలా తయారవుతుంది: “చట్టం ద్వారా నిషేధించబడితే తప్ప, మా సేవలను అందించడానికి, మెరుగుపరచడానికి మరియు మార్కెట్ చేయడానికి అవసరమైన విధంగా, ఆరోగ్య సమాచారంతో సహా కానీ దానికి పరిమితం కాకుండా, మీ వ్యక్తిగత సమాచారం మా అనుబంధ సంస్థలు మరియు మూడవ పక్ష సేవా ప్రదాతలతో భాగస్వామ్యం చేయబడవచ్చు.” ఇందులో అక్షర దోషం లేదు, వదిలేసిన మాట కూడా లేదు. అయినా చదివినవారికి తన రక్తపరీక్ష రిపోర్టు ఎవరి చేతికి వెళుతుందో తెలియదు.

దీన్ని బాగు చేయాలంటే ముందు వాక్యాన్ని విప్పాలి. ఎవరు ఇస్తున్నారు, ఏం ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఎప్పుడు ఇవ్వరు అనే ఐదు ప్రశ్నలకు జవాబులు విడివిడిగా రాసుకోవాలి. ఇంగ్లీషు కర్మణి వాక్యం మొదటి ప్రశ్నను దాటేయగలదు. ‘భాగస్వామ్యం చేయబడవచ్చు’ అంటే ఎవరు చేస్తారో చెప్పనక్కర్లేదు. తెలుగులో సహజంగా రాయబోతే కర్త కావాలి. ఇచ్చేది కంపెనీయా, డాక్టరా, ల్యాబా? ఆ ప్రశ్నకు జవాబు అనువాదకులు ఊహించి రాయకూడదు, కంపెనీని అడిగి తెలుసుకోవాలి. మంచి తెలుగు కోసం చేసే ప్రయత్నం మూలంలో దాగిన మసకను ఇలా బయటికి లాగుతుంది. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

‘పంచుకోవడం’ అనే మాట కూడా ఇక్కడ నప్పదు. తెలుగులో ఆస్తి పంచుకుంటాం, సంతోషం పంచుకుంటాం. రిపోర్టును ల్యాబుకు ఇస్తాం, పంపిస్తాం. ‘మూడవ పక్షం’ అంటే కోర్టు కాగితాలు చూసినవారికి తప్ప బోధపడదు. ‘మాకు పని చేసిపెట్టే బయటి సంస్థలు’ అంటే అందరికీ తెలుస్తుంది. అయితే అన్ని బయటి సంస్థలూ కంపెనీకి పని చేసిపెట్టేవి కావు. ప్రకటనల సంస్థ తన లాభం కోసం డేటా తీసుకోవచ్చు. మూలంలో ఏ రకం ఉద్దేశించారో అదే రాయాలి.

ఇంకా తిప్పలు పెట్టేది ‘వచ్చు’. ఇంగ్లీషులో ‘మే’ ఉన్న ప్రతి చోటా తెలుగులో ‘వచ్చు’ పెట్టడం పరిపాటి. ‘మీరు మీ ఖాతాను ఎప్పుడైనా తొలగించవచ్చు’ అంటే వాడేవారికి హక్కు ఉందని అర్థం. ‘రేపు వాన పడవచ్చు’ అంటే పడుతుందో లేదో తెలియదని అర్థం. ‘మీ రిపోర్టులను మేము బయటి సంస్థలకు ఇవ్వవచ్చు’ అన్నప్పుడు చదివేవారు రెండో అర్థమే తీసుకుంటారు, ఇస్తారేమో ఇవ్వరేమో అనుకుంటారు. కంపెనీ ఉద్దేశం మాత్రం ఇచ్చే హక్కును తన దగ్గర ఉంచుకోవడం. అలాంటి చోట ‘అవసరమైనప్పుడు ఇస్తాం’ అనో, ‘ఇచ్చే హక్కు మాకు ఉంటుంది’ అనో తేల్చి రాయాలి. అలాగే ‘షల్’ ఉన్న చోట ‘ఇస్తాం’ అంటే మాట ఇచ్చినట్టు, ‘ఇవ్వాలి’ అంటే బాధ్యత పెట్టినట్టు. ఇష్టమా, తప్పనిసరా, నిషేధమా అనేది క్రియ చివరి ప్రత్యయంలోనే తెలుగు తేల్చేస్తుంది కాబట్టి ప్రతి వాక్యం చివరి మాటను విడిగా చూసుకోవాలి.

‘సహా కానీ పరిమితం కాకుండా’ అనేది తెలుగు చెవికి ఎప్పటికీ ఎక్కదు. న్యాయవాది దాన్ని ఎందుకు పెట్టారంటే, ఉదాహరణగా చెప్పినవే మొత్తం జాబితా అని ఎవరూ వాదించకుండా. ఆ పని ‘వీటిలో ఆరోగ్య వివరాలు కూడా ఉంటాయి’ అనే చిన్న వాక్యంతో అయిపోతుంది. ‘కూడా’ అన్నదే మిగతావి ఉన్నాయని చెబుతుంది. ‘ఆరోగ్య వివరాలు మాత్రమే’ అనిపించేలా రాస్తే హద్దు కుంచించుకుపోతుంది, అది మూలం చెప్పనిది. కొత్త నియమాలు ఏ వివరాలు తీసుకుంటున్నారో విడివిడిగా చెప్పమంటున్నాయి కాబట్టి ఇలాంటి తలుపు తెరిచి ఉంచే మాటలు నోటీసులో ఎంతవరకు చెల్లుతాయన్నది కంపెనీ న్యాయవాది ఆలోచించుకోవాల్సిన విషయం. అనువాదకులు తమంతట తాము జాబితా పెంచకూడదు, తగ్గించకూడదు.

కంపెనీ నుంచి జవాబులు వచ్చాక అదే వాక్యం ఇలా అవుతుంది: “మీ వ్యక్తిగత డేటాను మేము మా అనుబంధ సంస్థలకు, మాకు పని చేసిపెట్టే బయటి సంస్థలకు ఇస్తాం. ఇందులో మీ ఆరోగ్య వివరాలు కూడా ఉంటాయి. మా సేవలను మీకు అందించడానికి, మెరుగుపరచడానికి, వాటి గురించి ప్రచారం చేయడానికి అవసరమైనంత వరకే ఇస్తాం. చట్టం వద్దన్న చోట ఇవ్వం.” ఒక వాక్యం నాలుగయింది. మొత్తం పొడవు పెద్దగా పెరగలేదు. పైగా ‘ప్రచారం చేయడానికి’ అన్నది ఇప్పుడు దాక్కోలేదు. ఆరోగ్య వివరాలు ప్రచారానికి వెళతాయని తెలుగులో స్పష్టంగా కనిపించేసరికి, అది నిజంగా తమ ఉద్దేశమేనా అని కంపెనీ మళ్లీ ఆలోచించుకునే సందర్భాలు ఉంటాయి. అలా మార్చుకుంటే ముందు ఇంగ్లీషు పత్రం మారాలి, తర్వాతే తెలుగు మారాలి. తెలుగులో మాత్రమే మెత్తగా రాయడం మోసం కిందికి వస్తుంది.

లేదనే వాక్యాల్లో ఇంకో గుంట ఉంది. ‘మీ డేటాను అందరికీ ఇవ్వం’ అంటే కొందరికి ఇస్తామనే అర్థం కూడా వస్తుంది. ‘ఎవరికీ ఇవ్వం’ అంటే ఒక్కరికీ ఇవ్వమని. ‘అన్ని రిపోర్టులూ భద్రపరచం’, ‘ఏ రిపోర్టూ భద్రపరచం’ మధ్య కూడా అంతే దూరం ఉంది. పైగా తెలుగులో లేదనే మాట వాక్యం చివర వస్తుంది. షరతులు, మినహాయింపులు ముందు పేర్చుకుంటూ పోతే చదివేవారు చివరికి చేరేసరికి దేన్ని కాదన్నారో మరచిపోతారు. కాబట్టి ‘మీ ఫోన్ నంబరును ఎవరికీ అమ్మం’ అని ముందు చెప్పేసి, ‘ఈ రెండు సందర్భాల్లో మాత్రం ఇస్తాం’ అని మినహాయింపులు తర్వాత పెట్టడం మేలు.

సర్వనామం విషయంలో తెలుగుకు ఇంగ్లీషుకు లేని ఒక సౌకర్యం ఉంది. కంపెనీ తన గురించి చెప్పుకునేటప్పుడు ‘మేము’ అనాలి, ‘మనం’ అనకూడదు. ‘మన సర్వర్లలో’ అని రాస్తే వాడేవారికీ అందులో భాగం ఉన్నట్టు ధ్వనిస్తుంది. ప్రకటనల్లో ఆ ఆత్మీయత బాగుంటుందేమో గానీ బాధ్యత ఎవరిదో చెప్పే పత్రంలో కుదరదు. వాడేవారిని ‘మీరు’ అనడమే సరి. ‘వినియోగదారుడు’ అంటూ ప్రథమ పురుషలో రాస్తే దూరం పెరుగుతుంది, ఆడవారిని వదిలేసినట్టూ అవుతుంది.

సేవా నిబంధనల్లో జాగ్రత్తగా చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. వివాదాల భాగంలో ‘ఆర్బిట్రేషన్’ అని ఉంటే చాలామంది ‘మధ్యవర్తిత్వం’ అని రాస్తారు. మీడియేషన్‌కు కూడా అదే మాట వాడకంలో ఉంది. కానీ రెండూ ఒకటి కావు. మీడియేటర్ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి తేవడానికి చూస్తారు, తీర్పు చెప్పే అధికారం వారికి ఉండదు. ఆర్బిట్రేటర్ ఇచ్చేది తీర్పు లాంటిదే. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం దాన్ని కోర్టు డిక్రీలా అమలు చేయించవచ్చు. ఊళ్లో పెద్దమనిషి మధ్యవర్తిత్వం తెలిసిన తెలుగు పాఠకులు ఆ మాట చూస్తే నచ్చకపోతే లేచి రావచ్చనుకుంటారు. అక్కడ ‘ఆర్బిట్రేషన్’ అనే ఉంచి, ‘అంటే ఈ వివాదాన్ని ఆర్బిట్రేటర్ తేలుస్తారు, వారి నిర్ణయానికి మీరూ మేమూ కట్టుబడాలి’ అని పక్కనే ఒక వాక్యం చేర్చడం నిజాయితీ గల పద్ధతి. ‘ఇండెమ్నిఫై’ అనే మాటకూ అంతే. ‘నష్టపరిహారం చెల్లించుట’ అని ముగిస్తే ఎవరు ఎవరికి, ఎందుకు అన్నది తేలదు. ‘మీరు ఈ నిబంధనలు మీరినందువల్ల ఎవరైనా మా మీద కేసు వేస్తే, దానివల్ల మాకయ్యే నష్టం, ఖర్చు మీరు భరించాలి’ అంటే భారం ఎంతో అర్థమవుతుంది.

‘తొలగించడం’ కూడా ఇలాంటిదే. ఫోనులోంచి యాప్ తీసేయడం, ఖాతాను తాత్కాలికంగా ఆపడం, ఖాతాను శాశ్వతంగా మూయడం, కంపెనీ దగ్గరున్న డేటాను చెరిపేయించడం నాలుగు వేర్వేరు పనులు. నాలుగింటికీ ‘తొలగించు’ అని రాస్తే యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినవారు తమ రిపోర్టులు కూడా పోయాయని నమ్ముతారు. మొదటిదానికి అన్‌ఇన్‌స్టాల్, రెండోదానికి డీయాక్టివేట్ అనే అందరికీ తెలిసిన మాటలే ఉంచి, ‘మూసివేయడం’ ఖాతాకు, ‘చెరిపివేయడం’ డేటాకు కేటాయించుకుంటే గందరగోళం ఉండదు. జనం నోట్లో ఉన్న ఇంగ్లీషు మాటను వదిలి సంస్కృత సమాసం తయారు చేయడం వల్ల తెలుగుకు గౌరవం పెరగదు, అర్థం మాత్రం తగ్గుతుంది.

పత్రం తెర మీదికి వెళ్లేటప్పుడు సాంకేతిక చిక్కులు మొదలవుతాయి. ఆండ్రాయిడ్‌లో తెలుగు వాక్యాలు `values-te` అనే ఫోల్డర్‌లోని `strings.xml` ఫైలులో ఉంటాయి. సమ్మతి అడిగే చిన్న వాక్యాల్లో డాక్టరు పేరు, తేదీ వంటివి యాప్ అప్పటికప్పుడు నింపుతుంది. ఇంగ్లీషులో పేరు ముందు ‘టు’ పెడితే చాలు. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుంటుంది, పేరును బట్టి మారుతుంది. సీతకు అంటాం, రవికి అంటాం. ఖాళీ పక్కన ‘కు’ పెట్టేస్తే ‘రవికు’ అని పడుతుంది. దానికి తెలుగులోనే చక్కటి విరుగుడు ఉంది:

```xml
<string name="report_notice">మీ రిపోర్టును డాక్టర్ %1$s గారికి పంపిస్తాం.</string>
```

‘గారు’ చేర్చగానే ఏ పేరు వచ్చినా వాక్యం సరిగ్గా నిలుస్తుంది, మర్యాదా దక్కుతుంది. సంస్థల పేర్లకైతే ‘ల్యాబుకు’, ‘సంస్థకు’ అనే మాట తగిలిస్తే సరిపోతుంది.

అనువాదం పూర్తయ్యాక పరీక్ష రెండు రకాలుగా చేయాలి. మూలం చూడని మరొకరి చేత తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తే వదిలేసిన మినహాయింపులు, తారుమారైన ‘వచ్చు’, ‘కూడదు’లు దొరుకుతాయి. కానీ మాటకు మాట దించిన అనువాదం ఈ పరీక్షలో అవలీలగా నెగ్గుతుంది, ఎందుకంటే తిప్పి మారిస్తే మూలమే వస్తుంది. అందుకే రెండో పరీక్ష కావాలి. ఆ యాప్ వాడబోయే మామూలు మనుషులు నలుగురైదుగురికి తెలుగు పత్రం ఇచ్చి చదవమని, తర్వాత ప్రశ్నలు వేయాలి. యాప్ తీసేస్తే రిపోర్టులు ఉంటాయా, పోతాయా? సమ్మతి వెనక్కి తీసుకోవాలంటే ఎక్కడ నొక్కాలి? ల్యాబుకు మీ ఫోన్ నంబరు వెళుతుందా? ‘అర్థమైందా’ అని అడిగితే మొహమాటానికి అయిందనే అంటారు. జవాబు చెప్పించాలి. ఇద్దరు ఒకే ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే తప్పు వాక్యంలో ఉన్నట్టే లెక్క.

చాలా తెలుగు పత్రాల చివర ‘ఇంగ్లీషు ప్రతికీ దీనికీ తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది’ అనే వాక్యం ఉంటుంది. ఒప్పందం విషయంలో అది మామూలు ఏర్పాటే. అయితే దాన్ని చివర చిన్న అక్షరాల్లో కాక మొదట్లో, తెలుగులోనే చెప్పాలి. డేటాకు తీసుకునే సమ్మతి సంగతి వేరు. వివాదం వచ్చినప్పుడు చట్ట ప్రకారం నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సిన భారం కంపెనీ మీదే 2023 చట్టం పెట్టింది. తెలుగు ఎంచుకున్న మనిషికి చూపించింది తెలుగు నోటీసు. అతను చదవని ఇంగ్లీషును చూపి అతనికి తెలియజేశామనడం నిలబడే వాదన కాదు.

ఈ పత్రాలు ఒకసారి రాసి వదిలేసేవి కావు, కొత్త సౌకర్యం వచ్చిన ప్రతిసారీ మారుతుంటాయి. ఇంగ్లీషు ప్రతి మారిన రోజే తెలుగు ప్రతి కూడా మారాలి, రెండింటి మీదా ఒకే తేదీ ఉండాలి. తెలుగు ప్రతి మీద పాత తేదీ కనిపిస్తే, ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు కొత్తగా ఏం మారిందో తెలుగులో చెప్పమని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. అలా అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.